ఒంట్లో కరిగే పాలిమర్‌కు గడువు పెట్టేదెలా?

ఆపరేషన్ అయ్యాక “కుట్లు విప్పించుకోనక్కర్లేదు, అవే కరిగిపోతాయి” అని డాక్టరు చెబుతారు. నిజానికి ఆ దారం నీళ్లలో చక్కెర కరిగినట్టు కరగదు. ఉదాహరణకు విక్రిల్ దారంలో గ్లైకాలిక్ ఆమ్లం తొమ్మిది పాళ్లు, లాక్టిక్ ఆమ్లం ఒక పాలు ఉంటాయి. వీటిని పాలిమర్ అనే పొడవైన గొలుసుగా కలిపి ఉంచే ఎస్టర్ బంధాలను ఒంట్లోని నీరు ఒక్కొక్కటిగా తెంచుతూ పోతుంది. ఈ దారం బలం రెండు వారాలకు మొదట ఉన్నదాంట్లో ముప్పావు వంతుకు, మూడు వారాలకు సగానికి, నాలుగు వారాలకు పావు వంతుకు పడిపోతుంది. దారం పూర్తిగా మాయమవడానికి మాత్రం 56 నుంచి 70 రోజులు పడుతుంది. పూలదండను నడిమికి తెంపితే దాని బరువు తగ్గదు, కానీ అది ఇక మెడలో నిలవదు. గొలుసు సంగతీ అంతే: తెగిన ముక్కలు నీటిలో కలిసిపోయేంత చిన్నవి అయ్యేదాకా అక్కడే ఉంటాయి, బలం మాత్రం ముందే పోతుంది. కణజాలం పెరగడానికి ఆసరాగా పెట్టే పాలిమర్ పరంజా విషయంలో కూడా, అది ఎప్పుడు మాయమవుతుందన్న దానికంటే ఎప్పటిదాకా బరువు మోస్తుందన్నదే ముందు అడగవలసిన ప్రశ్న.

ఈ రెండు ఆమ్లాల పాళ్లను మార్చడమే గడువును మార్చే మొదటి మార్గం. లాక్టిక్ ఆమ్లపు అణువులో అదనంగా ఉండే మిథైల్ గుంపు నీటిని దగ్గరికి రానివ్వదు, కాబట్టి దాని పాలు పెరిగేకొద్దీ గొలుసు నెమ్మదిగా తెగుతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఇచ్చే ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్‌లో దీన్ని స్పష్టంగా చూడవచ్చు. అమెరికాలో 1989లో అనుమతి పొందిన, నెలకొకసారి ఇచ్చే రకంలో 7.5 మిల్లీగ్రాముల మందు ఈ రెండు ఆమ్లాల మిశ్రమ పాలిమర్‌తో చేసిన సూక్ష్మగోళాల్లో ఉంటుంది. మూడు నెలలకొకసారి ఇచ్చే రకంలో మందు 22.5 మిల్లీగ్రాములు, అంటే సరిగ్గా మూడింతలు. దాన్ని పట్టి ఉంచేది మాత్రం గ్లైకాలిక్ ఆమ్లం కలవని పాలిలాక్టిక్ ఆమ్లం. మందు అదే, గడువు మారింది కాబట్టి గొలుసును మార్చారు.

పాళ్లు కుదిరినంత మాత్రాన లెక్క కుదిరిపోదు. ఒకే పాలిమర్‌తో పలుచని పొర, మందపాటి పలక చేసి 37 డిగ్రీల ద్రావణంలో ఉంచితే ఏది ముందు పాడవుతుంది? నీరు తేలిగ్గా చేరే పలుచని పొరే అనిపిస్తుంది. ఫ్రాన్స్‌లో మిషెల్ వెర్ట్, సుమింగ్ లీ బృందం 1990 ప్రాంతంలో చేసిన ప్రయోగాల్లో మాత్రం మందపాటి నమూనాల లోపలి భాగమే ముందుగా తెగిపోయి, పైన గట్టి డొల్ల మిగిలింది. ప్రతి బంధం తెగినప్పుడూ ఒక ఆమ్లపు కొస బయటపడుతుంది. పలుచని పొరలో అది బయటి ద్రావణంలోకి జారిపోతుంది, మందపాటి ముక్కలో లోపలే చిక్కుకుంటుంది. చిక్కుకున్న ఆమ్లం మిగిలిన బంధాలను మరింత వేగంగా తెంచుతుంది, దాంతో ఇంకా ఆమ్లం పుడుతుంది. గొలుసుల పొడవును కొలిచి గ్రాఫ్ గీస్తే ఒక శిఖరం బదులు రెండు కనిపిస్తాయి: పైపొరలోని పొడవైన గొలుసులది ఒకటి, లోపలి పొట్టివాటిది మరొకటి. పైకి ముక్క చెక్కుచెదరనట్టే ఉంటుంది కాబట్టి, కంటితో చూసి దీన్ని పసిగట్టలేము.

ఆ డొల్ల పగిలితే లోపలి ఆమ్లం, ముక్కలు ఒక్కసారిగా కణజాలం మీద పడతాయి. అంతకంటే ముందే, లోపల దాచిన మందు ప్రోటీన్ అయితే ఆ ఆమ్లంలో పాడైపోవచ్చు. అందుకే కొందరు సూక్ష్మగోళాల్లో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ కలిపి ఆమ్లాన్ని అక్కడికక్కడే తటస్థపరుస్తారు. పరంజాలకు రంధ్రాలు ఉంచడం ప్రధానంగా కణాలు లోపలికి చేరడానికే అయినా, పుట్టిన ఆమ్లం బయటికి పోయే దారులు కూడా అవే.

పాలిమర్ గొలుసుల వలలో నీటిని పట్టి ఉంచే హైడ్రోజెల్‌లో సమస్య వేరు. అది మొదటి నుంచీ నీటితో నిండి ఉంటుంది, కాబట్టి నీటి రాకను అడ్డుకుని గడువు పెట్టడం కుదరదు. గొలుసులను ఒకదానితో ఒకటి కట్టే ముడిని ఎంచుకోవాలి. ముడులు తెగేకొద్దీ జెల్ మొదట ఇంకా నీరు పీల్చి ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఆ తర్వాతే విడిపోతుంది. ప్రొస్టేట్‌కు రేడియేషన్ ఇచ్చేటప్పుడు మలాశయాన్ని దూరంగా జరిపి ఉంచడానికి వాడే పాలిఇథిలీన్ గ్లైకాల్ జెల్ సుమారు మూడు నెలలు ఆకారం నిలుపుకుని, ఆరు నెలల్లో ఒంట్లో కలిసిపోతుంది. చికిత్స ఎన్నాళ్లో ముందే తెలుసు కాబట్టి అక్కడ గడియారం లాంటి ముడి సరిపోతుంది.

కొత్త ఎముక ఎన్నాళ్లకు పెరుగుతుందో మాత్రం ముందే చెప్పలేము. అందుకని లుటాల్ఫ్, హబెల్ బృందం 2003లో ముడి స్థానంలో పెప్టైడ్‌ను, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసును, పెట్టింది. కణాలు తమ చుట్టూ దారి చేసుకోవడానికి సహజంగా విడుదల చేసే ఎంజైములు ఆ పెప్టైడ్‌ను కత్తిరిస్తాయి. కణం చేరిన చోటే జెల్ తెగుతుంది, చేరని చోట నిలిచి ఉంటుంది. నాకు ఈ రంగంలో అన్నిటికంటే తెలివైన ఆలోచన ఇదేననిపిస్తుంది. అయితే మానని పుండ్లలో ఇవే ఎంజైములు ఎక్కువగా ఉంటాయి, కొత్త కణజాలం నిలదొక్కుకోకముందే జెల్‌ను అవి తినేయగలవు. అలాంటి చోటికి పెప్టైడ్‌లో ఒకటి రెండు అమైనో ఆమ్లాలను మార్చి, ఎంజైముకు అంత తేలిగ్గా తెగని ముడిని తయారు చేసుకోవాలి.