శిక్ష కంటే ముందు చేతికి రావలసిన కాగితం

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్ ఉంది. నూట యాభై మంది దాకా పనిచేస్తారు. అక్కడ స్టోర్ హెల్పర్‌గా ఉన్న ఒకాయన ఆరు నెలల సస్పెన్షన్ తర్వాత ఒక కవరు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. పైన ఉద్యోగం నుంచి తొలగిస్తూ ఇచ్చిన ఆర్డరు, దాని వెనక పిన్ను కొట్టిన పదకొండు పేజీల ఎంక్వైరీ రిపోర్టు.

"రిపోర్టు కూడా ఇచ్చారు కదండీ, ఇంకా తప్పేముంది?" అని అడిగాడు.

తప్పల్లా ఆ రెండూ ఒకే కవరులో రావడమే. రిపోర్టు ముందు రావాలి. దానిమీద అతను తన మాట రాసి ఇవ్వాలి. శిక్ష వేసే అధికారి ఆ మాట కూడా చదివాకే ఆర్డరు రాయాలి. ఈ వరుస ఎలా స్థిరపడిందో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

1935 నాటి భారత ప్రభుత్వ చట్టంలో 240వ సెక్షన్ ఉండేది. ప్రభుత్వోద్యోగిని తొలగించే ముందు, తీసుకోబోయే చర్య ఎందుకు తగదో చెప్పుకునే అవకాశం ఇవ్వాలని అది అంది. ఆ అవకాశం ఏ దశలో ఇవ్వాలన్న వివాదం ఐ.ఎం. లాల్ అనే ఐ.సి.ఎస్. అధికారి కేసులో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. విచారణ ముగిసి, ఫలానా శిక్ష వేయాలని అనుకున్నాక కూడా ఉద్యోగిని మళ్లీ అడగాలని 1948లో తీర్పు వచ్చింది. రెండో షోకాజ్ నోటీసు అలా మొదలైంది. రాజ్యాంగం వచ్చాక అదే సూత్రం 311వ అధికరణంలో చేరింది. 1957లో ఖేమ్‌చంద్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని విడమరిచింది: ఆరోపణ ఏమిటో తెలుసుకుని కాదనే అవకాశం, సాక్షులను ప్రశ్నించి తనను తాను కాపాడుకునే అవకాశం, చివర్లో శిక్ష గురించి చెప్పుకునే అవకాశం.

ఇదంతా ప్రభుత్వోద్యోగుల సంగతి. విశాఖలో జీతగాళ్లందరిదీ ఒకే రూలు కాదు. ఒకే వీధిలో ఒకరు రైల్వేలో ఉంటారు, పక్కింటాయన షిప్‌యార్డులోనో స్టీల్‌ప్లాంట్‌లోనో ఉంటారు, ఎదురింటాయన ప్రైవేటు వర్క్‌షాపుకు వెళ్తారు. 311 వర్తించేది మొదటాయనకే. ప్రభుత్వ రంగ సంస్థ ఉద్యోగికి ఆ సంస్థ సొంత నియమాలు. ప్రైవేటు కార్మికుడికి 1946 చట్టం కింద ధ్రువీకరించిన స్టాండింగ్ ఆర్డర్లు, అంటే ఫ్యాక్టరీలో పని నియమాలు రాసిపెట్టిన కాగితం. ఆ చట్టం వంద మంది, అంతకు మించి కార్మికులున్న చోటికి వర్తించేది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను మూడు వందలకు పెంచింది. అంటే మన ఆటోనగర్ యూనిట్ లాంటివి ఇప్పుడు ఆ పరిధి బయటికి వెళ్లాయి. స్టాండింగ్ ఆర్డర్లు లేని చోట కార్మికుడికి మిగిలే ఆధారం కోర్టులు చెప్పిన సహజ న్యాయ సూత్రాలే. అందుకే ఈ చరిత్ర పాతబడలేదని నేను అనుకుంటాను.

ఫ్యాక్టరీ ఎంక్వైరీలకు ఒక రూపం ఇచ్చింది 1963లో వచ్చిన సూర్ ఎనామెల్ కేసు తీర్పు. ఆరోపణలు కార్మికుడికి స్పష్టంగా తెలియాలి. సాక్షులను మామూలుగా అతని ఎదుటే విచారించాలి. వాళ్లను అతను క్రాస్ చేయగలగాలి, అంటే ఎదురు ప్రశ్నలు వేయగలగాలి. తన సాక్షులను తెచ్చుకోగలగాలి. ఎంక్వైరీ ఆఫీసర్ తను తేల్చింది కారణాలతో సహా రిపోర్టులో రాయాలి. ఇవి లేకపోతే అది సరైన విచారణ కాదని కోర్టు అంది. అయితే ఆ రిపోర్టును ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలన్న ముక్క మాత్రం అప్పటికి ఖాళీగానే ఉంది.

ఇక్కడ మన స్టోర్ హెల్పర్ కాగితాల్లోకి వస్తాను. మొదట ఇచ్చిన ఛార్జిషీటులో ఉన్నది ఒకే వాక్యం: "మీరు స్టోర్‌లో అవకతవకలకు పాల్పడ్డారు." దానికి ఎవరైనా ఏం జవాబు రాస్తారు? 'నేను చేయలేదు' అనడం తప్ప మరో దారి లేదు. అతను అదే రాశాడు. తర్వాత సవరించి ఇచ్చిన ఛార్జిషీటు బాగానే ఉంది. మార్చి 12న బి షిఫ్టులో, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో, పద్దెనిమిది ప్యాకెట్ల వెల్డింగ్ రాడ్లు ఖాళీ అట్టపెట్టెల కింద పెట్టి గేటు దాటించాడని, ఏ క్లాజు కింద అది దొంగతనమో రాసి, జవాబుకు ఏడు రోజులు ఇచ్చారు. ఛార్జిషీటు బాగుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అది చదివిన మనిషి 'ఆ వేళకు నేను ఫలానా చోట ఉన్నాను' అని చెప్పగలిగేలా ఉందా? ఈ రెండోది అలాగే ఉంది.

సస్పెన్షన్ కాలానికి జీవన భృతి కూడా సక్రమంగానే ఇచ్చారు. మొదటి తొంభై రోజులు సగం జీతం, ఆ తర్వాత ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే ముప్పావు వంతు. పద్దెనిమిది వేల జీతానికి అది తొమ్మిది వేలు, ఆ మీదట పదమూడు వేల అయిదు వందలు. ఇది ఆపేస్తే మనిషి విచారణకు రావడానికి బస్సు ఛార్జీలకే వెతుక్కోవాలి. భృతి అందక రాలేకపోయిన మనిషిపై అతను లేకుండానే ఎక్స్‌పార్టీగా సాగించిన ఎంక్వైరీలను కోర్టులు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి.

అసలు చిక్కు సాక్ష్యాల దగ్గర వచ్చింది. ఘటన మర్నాడే సెక్యూరిటీ ఇన్‌ఛార్జి గేటు వాచ్‌మన్‌ను కూర్చోబెట్టి మాట రాయించుకున్నాడు: "అతన్నే చూశాను." ఇది ప్రాథమిక విచారణ. కేసు పెట్టాలా వద్దా అని యాజమాన్యం తేల్చుకోవడానికి మాత్రమే అది పనికొస్తుంది. కార్మికుడు అక్కడ ఉండడు, ప్రశ్న వేయడు. అసలు ఎంక్వైరీ మొదలయ్యాక ఆ వాచ్‌మన్ మళ్లీ వచ్చి అందరి ఎదుట చెప్పి, క్రాస్‌కు నిలబడాలి. వాచ్‌మన్ వచ్చాడు. క్రాస్‌లో అతను ఒప్పుకున్నది ఇది: గేటు దగ్గర లైటు వెలగడం లేదు, ముఖం చూడలేదు, వెనక నుంచి చొక్కా చూసి అనుకున్నాను.

ఎంక్వైరీ గదిలో కూర్చున్న వాళ్లెవరికైనా ఆరోపణ అక్కడితో సగం పడిపోయినట్టే అనిపిస్తుంది. మన స్టోర్ హెల్పర్‌కీ అలాగే అనిపించింది. నిశ్చింతగా ఇంటికి వెళ్లాడు. రిపోర్టులో మాత్రం ఆఫీసర్ ఇలా రాశాడు: ఘటన మర్నాడు చెప్పిన మాటే నమ్మదగింది, క్రాస్‌లో చెప్పింది తర్వాత కుదుర్చుకున్నది. కింద ఇంకో కారణం కూడా ఉంది. స్టాక్ రిజిస్టర్‌లో సరిగ్గా పద్దెనిమిది ప్యాకెట్లు తగ్గాయని. ఆ రిజిస్టర్ పేజీని ఎంక్వైరీలో ఏ సాక్షీ చూపించలేదు. ఆఫీసర్ తర్వాత స్టోర్‌కు వెళ్లి చూసుకున్నాడు.

రిపోర్టు ముందే చేతికి ఎందుకు రావాలో ఈ రెండు వాక్యాలు చూస్తే అర్థమవుతుంది. సాక్షులు ఏం చెప్పారో కార్మికుడు విన్నాడు. దాన్నిబట్టి ఆఫీసర్ ఏం అనుకున్నాడో, బయటి నుంచి ఏం తెచ్చుకున్నాడో అతనికి తెలియదు. శిక్ష వేసే అధికారి మాత్రం గదిలో లేడు. సాక్షి ముఖం చూడలేదు. అతని ముందున్నది ఆ పదకొండు పేజీలే.

చరిత్రలో సరిగ్గా ఇదే మూల చాలాకాలం చీకటిగా ఉండిపోయింది. 1976లో రాజ్యాంగ 42వ సవరణ రెండో షోకాజ్ నోటీసును తీసేసింది. అప్పటి దాకా శిక్ష గురించి అడిగే ఆ నోటీసుతో పాటే రిపోర్టు కూడా ఉద్యోగికి అందేది. నోటీసు పోయింది కాబట్టి రిపోర్టు ఇచ్చే పనీ పోయిందని చాలా ఆఫీసులు అనుకున్నాయి. 1990 నవంబర్ 20న మొహమ్మద్ రంజాన్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు కాదంది. ఎంక్వైరీ చేసినవారు ఒకరు, శిక్ష వేసేవారు మరొకరు అయితే రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇవ్వాల్సిందే అంది.

మిగిలిన సందేహాలు తీర్చిన కేసు మన తెలుగు నేల నుంచి వెళ్లింది. హైదరాబాద్‌లోని ప్రభుత్వ రంగ సంస్థ ఇ.సి.ఐ.ఎల్. మేనేజింగ్ డైరెక్టర్‌కు, కరుణాకర్ అనే ఉద్యోగికి మధ్య నడిచిన వివాదం అది. 1993లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఒక విభజన. 'నేను తప్పు చేయలేదు' అని నిరూపించుకునే హక్కు వేరు, 'చేశాను గానీ ఇంత శిక్ష వద్దు' అని అడిగే హక్కు వేరు. రాజ్యాంగ సవరణ తీసేసింది రెండోదాన్నే. రిపోర్టు మొదటి హక్కుకు సంబంధించినది. నిర్దోషిత్వం గురించి అధికారి ఒక అభిప్రాయానికి రాకముందే అది ఉద్యోగికి అందాలి. నియమాల్లో ఆ మాట లేకపోయినా, అతను అడగకపోయినా ఇవ్వాలి. ప్రభుత్వ, ప్రైవేటు సంస్థలన్నిటికీ ఇది వర్తిస్తుంది. వీధిలో మూడిళ్లకూ ఒకే రూలు వచ్చింది అప్పుడే.

ఆ తీర్పుకే ఒక హద్దు కూడా ఉంది. దాన్ని కార్మికులకు ముందే చెప్పడం మంచిది. రిపోర్టు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో కోర్టు ఆర్డరును కొట్టేయదు. ఇచ్చి ఉంటే ఫలితం మారేదా అని చూస్తుంది. మారేదని తేలితే కేసును ఆ దశకే వెనక్కి పంపుతుంది. యాజమాన్యం అతన్ని మళ్లీ సస్పెన్షన్‌లో ఉంచి అక్కడి నుంచి కొనసాగించవచ్చు. పాత జీతం సంగతి చివరి ఫలితాన్నిబట్టి ఉంటుంది. కాబట్టి 'నాకు కాపీ ఇవ్వలేదు' అని రాస్తే చాలదు, 'ఇచ్చి ఉంటే నేను ఇది చూపించేవాణ్ణి' అని రాయాలి.

ఎదురు దిశలోనూ ఇలాంటి దశ ఒకటుంది. ఆఫీసర్ నిర్దోషి అని రాస్తే, పై అధికారి దానితో ఏకీభవించనప్పుడు, తన కారణాలు ముందు ఉద్యోగికి తెలిపి జవాబు తీసుకోవాలి. ఇది 1998లో కుంజ్ బిహారీ మిశ్రా కేసులో తేలింది.

మేం రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చున్నాం. ప్యాకెట్ల లెక్క చదవగానే అతను ఆగాడు. "పన్నెండు ప్యాకెట్లు ఆ రోజు మధ్యాహ్నమే షాప్ ఫ్లోర్ నుంచి వాపసు వచ్చాయండీ. రిటర్న్ స్లిప్ మీద సూపర్‌వైజర్ సంతకం ఉంది. రిజిస్టర్‌లో ఎక్కించింది మర్నాడు." అంటే తగ్గింది పద్దెనిమిది కాదు, ఆరు. ఈ మాట ఎంక్వైరీలోనే ఎందుకు చెప్పలేదని అడిగాను. అక్కడ ఎవరూ రిజిస్టర్ ఊసే ఎత్తలేదన్నాడు. నిజమే.

లేబర్ ఆఫీసులో రాజీ చర్చల్లో స్లిప్ కాపీని, కరుణాకర్ తీర్పును పక్కపక్కన పెట్టాం. యాజమాన్యం వాదించలేదు. ఆర్డరు వెనక్కి తీసుకుని, రిపోర్టు మీద రాసుకోవడానికి పదిహేను రోజులు ఇచ్చింది. అతను రెండు పేజీలు రాశాడు. మొదటిదాంట్లో వాచ్‌మన్ క్రాస్‌లో చెప్పిన మాటలు, ఎంక్వైరీ ప్రొసీడింగ్స్ పేజీ నంబరుతో సహా. రెండోదాంట్లో రిటర్న్ స్లిప్.

నెల తర్వాత వచ్చిన ఆర్డరు మొదటిదానిలా లేదు. అతను రాసిన ఒక్కో అంశాన్ని ఎత్తి, ఒప్పుకున్నది ఏదో, ఒప్పుకోనిది ఏదో, ఎందుకో రాశారు. దొంగతనం రుజువు కాలేదు. ఆరు ప్యాకెట్లు ఇచ్చినప్పుడు ఎంట్రీ వేయకపోవడం నిర్లక్ష్యంగా తేలింది, దానికి రాతపూర్వక హెచ్చరిక. సస్పెన్షన్ కాలానికి కట్ చేసిన జీతం ఇవ్వాలి. అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలో ఆఖరి పేరాలో ఉంది. సోమవారం ఎ షిఫ్టులో రిపోర్ట్ చేయమన్నారు.