కోటి రూపాయల టర్మ్, పది లక్షల పాలసీ: నా దగ్గరకొచ్చే నాలుగు అపోహలు

శ్రీకాకుళంలో పదిహేడేళ్లుగా బీమా ఏజెంటుగా ఉన్నాను. టర్మ్, పొదుపు రెండు రకాల పాలసీలూ అమ్ముతాను. టర్మ్‌లో గడువులోపు మనిషి పోతేనే ఇంటివాళ్లకు సొమ్ము వస్తుంది, బతికుంటే ఏమీ రాదు. పొదుపు పాలసీలో బతికున్నా గడువు తీరాక సొమ్ము వస్తుంది. పొదుపు పాలసీకి ప్రీమియం ఎక్కువ కాబట్టి నాకు కమీషనూ ఎక్కువే. ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని చదవండి.

మొన్న మా వీధి కుర్రాడొకడు వచ్చాడు. సొంతూరు కంచిలి వైపు, ఉద్యోగం పైడిభీమవరంలోని మందుల కంపెనీలో. వయసు 34, జీతం 45 వేలు. భార్యకు 30, ఇద్దరు పిల్లలు. మూడేళ్ల కిందట వేరే ఏజెంటు దగ్గర ఇరవయ్యేళ్ల పొదుపు పాలసీ తీసుకున్నాడు. ఏడాదికి 52 వేలు కడుతున్నాడు, బీమా మొత్తం 10 లక్షలు. టర్మ్ గురించి చెప్పగానే మొహం అదోలా పెట్టాడు.

"ఏటి బాబాయ్, ఇరవయ్యేళ్లు కట్టీసి ఆకరికి ఒక్క రూపాయి రాదా?"

అపోహ: టర్మ్‌లో కట్టిన డబ్బు పోతుంది, పొదుపు పాలసీలో బీమా ఫ్రీగా వస్తుంది

ఫ్రీగా రాదు. ముప్పై అయిదేళ్ల వయసువాళ్లు వెయ్యి మంది ఉంటే ఏడాదిలో చనిపోయేది సుమారు ఒకరు. కాబట్టి ఆ వయసులో 10 లక్షల బీమాకు అసలు ఖర్చు ఏడాదికి వెయ్యీ, పదిహేను వందలూ. ఇతను కట్టే 52 వేలలో ప్రాణానికి పోయేది అంతే. మిగతాదాంట్లోంచి కంపెనీ ఖర్చులు, ఏజెంటు కమీషను తీసి పొదుపులో వేస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ పొదుపు పెరుగుతుంది. పదిహేనో ఏట మనిషి పోతే వచ్చే సొమ్ములో చాలా భాగం అతను దాచుకున్నదే, కంపెనీ తన జేబులోంచి ఇచ్చేది కొంచెమే.

అతని ముందే లెక్క వేశాను. బీమా మొత్తంలో ప్రతి వెయ్యికీ ఏటా 45 రూపాయల చొప్పున బోనస్ వస్తుందనుకుంటే ఇరవయ్యేళ్లకు 10 లక్షలకు 9 లక్షలు కలిసి 19 లక్షలవుతుంది. కట్టిన దాని మీద ఏడాదికి అయిదున్నర శాతం వడ్డీ అన్నమాట. బోనస్ హామీ కాదు, తగ్గొచ్చు.

ఇప్పుడు అదే 52 వేలను రెండుగా చీల్చి చూద్దాం. సిగరెట్ అలవాటు లేని ఈ వయసువాడికి కోటి రూపాయల టర్మ్ 12 నుంచి 15 వేలల్లో దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్‌టీ కూడా లేదు. టర్మ్‌కు 14 వేలు తీసి, మిగిలిన 38 వేలు ఏటా పోస్టాఫీసులోనో బ్యాంకులోనో పీపీఎఫ్ పొదుపు ఖాతాలో వేస్తే, 7.1 శాతం వడ్డీ అలాగే ఉంటే, ఇరవయ్యేళ్లకు సుమారు 17 లక్షలు వస్తుంది. 19 లక్షలతో పోలిస్తే రెండు లక్షలు తక్కువ. ఆ తేడా దాచను. కానీ ఆ ఇరవయ్యేళ్లూ ఇంటివాళ్లకు అండగా ఉన్నది పది లక్షలు కాదు, కోటి.

ఒక్క షరతు. 38 వేలు నిజంగా పీపీఎఫ్‌లో వేయాలి. చేతిలో ఉంటే ఖర్చయిపోయే మనిషికి పొదుపు పాలసీ ఒక కట్టుబాటు లాంటిది. అలాంటి వాళ్లను నేను చాలామందినే చూశాను, వాళ్లతో వాదించను. టర్మ్ మాత్రం విడిగా తీసుకోమంటాను.

ప్రీమియం వాపసు వచ్చే టర్మ్ కూడా ఉంది. ఎక్కువ కట్టించుకుని, చివర్లో వడ్డీ లేకుండా తిరిగి ఇస్తారు. ఆ ఎక్కువ సొమ్ము మనమే దాచుకోవడం మేలు.

అపోహ: ఏడాది జీతానికి పది రెట్ల బీమా చాలు

ఈ లెక్క ప్రకారం అతనికి 54 లక్షలు వస్తుంది. ఇంటి ఖర్చు పట్టుకుని చూస్తే వేరే అంకె వచ్చింది.

లోను వాయిదా కాక ఇంటికి నెలకు 30 వేలవుతుంది. అందులో అతని సొంత ఖర్చు 6 వేలు తీసేస్తే 24 వేలు, ఏడాదికి 2.88 లక్షలు. భార్య సంపాదించడం లేదు. ఆమెకు అరవై వచ్చేదాకా, అంటే 30 ఏళ్లకు 86.4 లక్షలు. బ్యాంకు వడ్డీ, ధరల పెరుగుదల ఒకదానికొకటి సరిపోతాయని అనుకుని వేసిన లెక్క ఇది. ధరలు అంతకు మించి పెరిగితే ఇదీ తక్కువే. ఇంటి లోను 12 లక్షలు, పిల్లల చదువుకు 10 లక్షలు కలిపితే 108.4 లక్షలు. పీఎఫ్‌లో 4 లక్షలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ 2 లక్షలు తీసేస్తే 102.4 లక్షలు. అంటే సుమారు కోటి.

పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్ఐ బీమా గరిష్ఠంగా 7 లక్షలు ఇస్తుంది. అది ఉద్యోగంలో ఉన్నంతవరకే కాబట్టి లెక్కలో కలపలేదు. ఊళ్లో కొబ్బరి తోటనూ కలపలేదు, అది ఇంకా నాన్న పేరు మీదే ఉంది.

కాలపరిమితి అతనికి 60 ఏళ్లు వచ్చేదాకా పెట్టాం. 85 ఏళ్ల దాకా కూడా ఇస్తారు, ప్రీమియం బాగా పెరుగుతుంది. అప్పటికి పిల్లలు సంపాదిస్తూ ఉంటారు, లోనూ తీరిపోతుంది.

ఈ మొత్తం అందరికీ ఇవ్వరు. కంపెనీ ఆదాయం రుజువు అడుగుతుంది: ఫారం 16, ఐటీ రిటర్న్, బ్యాంకు స్టేట్‌మెంట్. పలాస జీడి బట్టీలో కూలి చేసేవాళ్లకు, చేపల వేటకెళ్లేవాళ్లకు అవి ఉండవు. వాళ్లకు బ్యాంకు ఖాతాతో తీసుకునే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి ఉంది. ఏడాదికి 436 రూపాయలు, 2 లక్షల బీమా, 50 ఏళ్లలోపు చేరాలి. చాలదు, కానీ అది కూడా లేని ఇళ్లు బోలెడు.

అపోహ: పాత పాలసీ వెంటనే తీసిపారేయాలి

ముందు కొత్త టర్మ్ పాలసీ చేతికి రావాలి, ఆ తర్వాతే పాతదాని సంగతి. మధ్యలో ఏమైనా జరిగితే అదొక్కటే దిక్కు.

మూడేళ్లలో అతను కట్టింది 1.56 లక్షలు. ఇప్పుడు సరెండర్ చేస్తే, అంటే పాలసీ మూసేసి డబ్బు వెనక్కి తీసుకుంటే, అంతకన్నా తక్కువే వస్తుంది. కట్టడం ఆపి పెయిడ్-అప్ చేస్తే బీమా మొత్తం ఇరవైలో మూడు వంతులకు, అంటే లక్షన్నరకు తగ్గుతుంది. ఇప్పటిదాకా చేరిన బోనస్ దాని మీద ఉంటుంది. ఆ సొమ్ము గడువు తీరాక వస్తుంది. అతను పెయిడ్-అప్ ఎంచుకున్నాడు. పదిహేనేళ్లు కట్టేసినవాడైతే ఆపొద్దనే చెప్పేవాణ్ని.

అపోహ: జబ్బు సంగతి రాస్తే పాలసీ ఇవ్వరు, రాయకపోతేనే మంచిది

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ఇళ్లలో ఇది చాలా వింటాను. ఇతని నాన్నకూ క్రియాటినిన్ ఎక్కువ. కుటుంబ ఆరోగ్యం గురించిన ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. "రాయాలా బాబాయ్?" అన్నాడు.

నా తొలి రోజుల్లో ఒకాయన ఫారం నేనే నింపాను. అన్నింటికీ "లేదు" అని టిక్కులు పెట్టాను, ఆయన సంతకం చేశాడు. షుగర్‌కు మందులు వాడుతున్నాడా అని నేను అడగలేదు. రెండో ఏట పోయాడు. ఆసుపత్రి కాగితాల్లో పాత షుగర్ బయటపడింది. కట్టిన ప్రీమియం తిరిగి ఇచ్చారు, క్లెయిమ్ ఇవ్వలేదు. ఆయన భార్యకు ఆ మాట చెప్పడానికి వెళ్లింది నేనే.

బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం పాలసీకి మూడేళ్లు నిండాక కంపెనీ దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. ఆ మూడేళ్లలో పోతే మాత్రం పాత కాగితాలన్నీ తిరగేస్తారు.

నాన్న సంగతి రాశాడు. రక్తం, మూత్రం పరీక్షలు చేశారు. అతని క్రియాటినిన్ మామూలుగానే ఉంది. పాలసీ 14,600 ప్రీమియంతో వచ్చింది. ఫారంలోనే వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద అని టిక్ పెట్టించాను. దాంతో ఆ సొమ్ము భార్యాపిల్లలకే, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. తర్వాత పెట్టుకుందాంలే అంటే కుదరదు, పాలసీ తీసుకునేటప్పుడే చెప్పాలి.

టర్మ్‌కు పెయిడ్-అప్ లేదు. ఏటా కట్టేవాళ్లకు గడువు తేదీ తర్వాత 30 రోజులు ఉంటుంది, అదీ దాటితే పాలసీ ల్యాప్స్ అవుతుంది. అందుకని ఆటో డెబిట్‌ను అతని జీతం పడే ఖాతాకే పెట్టించాను. పాలసీ కాపీ ఒకటి వాళ్లావిడ ఫోన్‌లోకి పంపించమన్నాను. పంపినట్టు నాకు చూపించాకే లేచాడు.