స్టాక్ ఆప్షన్లు: వెస్ట్ అయితే చేతికొచ్చినట్టేనా?

అమెరికా స్టార్టప్‌లలో ఉద్యోగుల షేర్ల లెక్కలు చూడటం నా పని. మనవాళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా రెండు సందర్భాల్లోనే వస్తాయి: ఆఫర్ లెటర్ చేతిలో పడ్డప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు. రెండోసారి అడిగే ప్రశ్నలన్నీ మొదటిసారే అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అందుకే ఒక్క ఉదాహరణ పట్టుకుని మొదటినుంచీ చెబుతాను.

ఒక ఇంజనీరు 2024 జూన్ 3న ఇంకా లిస్ట్ కాని కంపెనీలో చేరాడనుకుందాం. ఆఫర్ లెటర్‌లో 14,400 ఆప్షన్లు అని ఉంది.

అపోహ: ఆఫర్‌లో రాశారు కాబట్టి అన్ని షేర్లు నావే.

ఆప్షన్ అంటే షేరు కాదు, ముందే ఖరారైన ధరకు షేరు కొనుక్కునే హక్కు. ఆ ధరనే స్ట్రైక్ ప్రైస్ అంటారు. ఆఫర్ లెటర్‌లో సాధారణంగా ఈ ధర ఉండదు. కంపెనీ బోర్డు ఆమోదించిన రోజే గ్రాంట్ తేదీ. ఆ రోజు షేరు విలువ ఎంతని లెక్కగడితే అంతకు తగ్గకుండా ధర పెడతారు. మనవాడి గ్రాంటుకు ఆగస్టు 20న ఆమోదం వచ్చింది, ధర 2 డాలర్లు. చేరి రెండు నెలలు దాటినా గ్రాంట్ కాగితం రాకపోతే హెచ్‌ఆర్‌ను అడగండి, మొహమాటపడొద్దు. ఆలస్యమయ్యేలోపు కంపెనీకి కొత్త పెట్టుబడి వస్తే మీ కొనుగోలు ధర పెరిగిపోవచ్చు.

అపోహ: పదకొండు నెలలు చేశాను కాబట్టి పదకొండు నెలల వాటా వస్తుంది.

రాదు. ఆప్షన్లు విడతలవారీగా మీ హక్కులోకి రావడాన్నే వెస్టింగ్ అంటారు. నాలుగేళ్ల వెస్టింగ్, ఏడాది క్లిఫ్ అనేది అక్కడ మామూలు పద్ధతి. 14,400ని 48 నెలలకు పంచితే నెలకు 300. కానీ మొదటి ఏడాది నిండేదాకా ఒక్కటీ జమకాదు. 2025 జూన్ 3న 3,600 ఒక్కసారిగా వెస్ట్ అవుతాయి, అక్కణ్నుంచి నెలనెలా 300. జూన్ 2న ఉద్యోగం వదిలితే సున్నా. ఈ లెక్క మామూలుగా బోర్డు ఆమోదించిన రోజు నుంచి కాదు, చేరిన రోజు నుంచి మొదలవుతుంది. అయినా మీ కాగితంలో వెస్టింగ్ మొదలయ్యే తేదీ ఏముందో చూసుకోండి.

అపోహ: వెస్ట్ అయినవి ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం, ఆప్షన్ల గడువు లోపల, అవును. మానేశాక చాలా కంపెనీల్లో 90 రోజులే. నన్ను బాగా బాధపెట్టేది ఇదే.

మన ఇంజనీరుకు 2026 ఫిబ్రవరి 3న లేఆఫ్ అయింది. 20 నెలలు పూర్తయ్యాయి కాబట్టి 6,000 వెస్ట్ అయ్యాయి. అవి కొనాలంటే 12,000 డాలర్లు కట్టాలి. హెచ్‌1బీ మీద ఉన్నవాడికి కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండేది గరిష్ఠంగా 60 రోజులు. అంటే ఇంటద్దె, వీసా ఆందోళన, ఈ 12,000 అన్నీ ఒక్కసారే మీద పడతాయి. "అన్నా, డబ్బు మళ్లీ చూసుకుంటాలే" అని ఆగి, గడువు దాటాక వెస్ట్ అయినవన్నీ పోగొట్టుకున్న కుర్రాళ్లను చూశాను.

గడువులోనూ ఒక మెలిక ఉంది. ఫిబ్రవరి 3 నుంచి 90 రోజులంటే మే 4. కానీ ఉద్యోగులకిచ్చే ఐఎస్‌ఓ రకం ఆప్షన్లకు పన్ను సౌకర్యం నిలవాలంటే చట్టం చెప్పేది మూడు నెలలు, అంటే మే 3. ఫిబ్రవరికి 28 రోజులే కావడంతో ఒక్కరోజు తేడా వచ్చింది. మే 4న కొంటే షేర్లు వస్తాయి, పన్ను సౌకర్యం పోతుంది. కొన్ని కంపెనీలు ఏళ్ల తరబడి గడువిస్తాయి, అక్కడా మూడు నెలలు దాటితే ఇదే పరిస్థితి.

అపోహ: అమ్మినప్పుడే పన్ను.

ఇప్పుడు షేరు విలువ 7 డాలర్లు అనుకోండి. షేరుకు 5 చొప్పున తేడా 30,000 డాలర్లు. మూడు నెలల్లోపు కొంటే మామూలు ఆదాయపు పన్నులో ఇది రాదు, కానీ ఏఎంటీ అనే సమాంతర లెక్కలో చేరుతుంది. జీతాన్ని బట్టి పన్ను పడొచ్చు, పడకపోవచ్చు. మూడు నెలలు దాటాక కొంటే మొత్తం 30,000 జీతంలాగే లెక్కకొస్తుంది, అమ్ముకునే దారిలేని షేర్ల మీద జేబులోంచి పన్ను కట్టాలి. కొనేముందు ఈ రెండు అంకెలూ పన్నుల నిపుణుడితో వేయించుకోండి.

ఆఫర్ మీద సంతకం పెట్టేముందు కంపెనీని మూడు అడగండి: మానేశాక ఎన్ని రోజుల గడువు, చివరిసారి లెక్కగట్టిన షేరు విలువ ఎంత, మొత్తం షేర్లు ఎన్ని. కంపెనీకి కోటి షేర్లుంటే 14,400 అంటే 0.144 శాతం, పది కోట్లుంటే అందులో పదోవంతు.