ఒంటికి ఎన్ని క్యాలరీలు కావాలి? లెక్క తప్పేది గుణకం దగ్గరే

అనంతపురంలో ఆఫీసు ఉద్యోగం చేసే ఒకాయన్ని ఊహించుకుందాం. వయసు 34, బరువు 78 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. పగలంతా కుర్చీలో పని, సాయంత్రం గంటసేపు వేగంగా నడక. రోజుకు ఎన్ని క్యాలరీలు కావాలో లెక్క వేసుకుంటే ఒకచోట 2,300 అని వచ్చింది, ఇంకోచోట 2,600, మరోచోట 3,000 దాటింది. మనిషి అదే, ఒళ్లు అదే. మూడు జవాబుల మధ్య తేడా ఒక పూట భోజనం కంటే తక్కువేం లేదు. ఈ తేడా ఎక్కడ పుడుతుందో చూస్తే మిగతా లెక్కంతా సులువు.

మొదటి మెట్టులో పెద్దగా గొడవ లేదు. ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, మెదడు, కాలేయం, మూత్రపిండాలు పనిచేయాలి. దానికయ్యే ఖర్చును అంచనా వేయడానికి ఇప్పుడు ఎక్కువగా వాడేది మిఫ్లిన్, సెయింట్ జోర్ అనేవాళ్లు తమ సహచరులతో కలిసి 1990లో ప్రచురించిన సూత్రం. దాదాపు 500 మంది అమెరికన్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు పీల్చుకునే ఆక్సిజన్‌ను కొలిచి దాన్ని తయారు చేశారు.

మగవాళ్లకు: 10 × బరువు + 6.25 × ఎత్తు − 5 × వయసు + 5
ఆడవాళ్లకు: 10 × బరువు + 6.25 × ఎత్తు − 5 × వయసు − 161

బరువు కిలోల్లో, ఎత్తు సెంటీమీటర్లలో వేయాలి. మన ఉద్యోగికి 780 + 1,062.5 − 170 + 5, అంటే సుమారు 1,680. (మనం మామూలుగా క్యాలరీ అనేది నిజానికి కిలో క్యాలరీ. ఇక్కడా అదే అర్థం.)

రెండో మెట్టులో ఈ 1,680ని మనం చేసే శ్రమకు తగిన గుణకంతో హెచ్చించాలి. చిక్కంతా ఇక్కడే. ఫిట్‌నెస్ యాప్‌లలో సాధారణంగా కూర్చునే పనికి 1.2, కొద్ది వ్యాయామానికి 1.375, ఓ మోస్తరు వ్యాయామానికి 1.55 అని ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 పట్టిక దారి వేరు. కూర్చునే పనికి 1.4, మధ్యస్థ శ్రమకు 1.8, కఠిన శ్రమకు 2.3 లెక్కన అది నడుస్తుంది. మన ఉద్యోగి తనది మధ్యస్థ శ్రమే అనుకుని యాప్‌లో నొక్కితే 2,600 వస్తుంది. అదే మాట పట్టుకుని 1.8తో హెచ్చిస్తే 3,020 అవుతుంది. పట్టికలో మధ్యస్థ శ్రమ అంటే రోజులో ఎక్కువ గంటలు ఒళ్లు కదిపే పని. సాయంత్రం గంట నడక దాని కిందికి రాదు.

అందుకే పేర్లను పక్కనపెట్టి గంటల లెక్క వేసుకోవడం మేలు. పడుకుని ఉన్నప్పటి ఖర్చును 1 అనుకుంటే, కూర్చుని పనిచేసేటప్పుడు సుమారు 1.4, స్నానం, ఇంటి పనులు, బండి మీద తిరగడం లాంటి వాటికి అన్నీ కలిపి 2.2, వేగంగా నడిచేటప్పుడు 4 వేసుకోవచ్చు. మన ఉద్యోగి 7 గంటలు నిద్రపోతాడు, 12 గంటలు కూర్చుంటాడు (ఆఫీసు, భోజనం, ఫోను, టీవీ అన్నీ కలిపి), 4 గంటలు చిల్లర పనులు, 1 గంట నడక. ఒక్కోదాన్ని హెచ్చించి కూడితే 7 + 16.8 + 8.8 + 4 = 36.6. దీన్ని 24తో భాగిస్తే 1.5 పైచిలుకు.

ఆ గంట నడక మానేసి దాని బదులు కూడా కూర్చున్నాడనుకుందాం. మొత్తం 34కు తగ్గుతుంది, గుణకం 1.4 అవుతుంది. అంటే చెమట కక్కేలా నడిచిన గంటకు వచ్చే అదనపు ఖర్చు 180 క్యాలరీల చుట్టుపక్కలే. వెనక్కి వచ్చేటప్పుడు బజ్జీల బండి దగ్గర ఆగితే సరిపోయె! నడక వల్ల లాభం లేదని కాదు, గుండెకూ చక్కెరకూ అది చేసే మేలు వేరే సంగతి. క్యాలరీల లెక్కలో మాత్రం మిగతా 23 గంటల బరువే ఎక్కువ.

పొలం పనికి వెళ్లే మనిషి విషయంలో ఈ గుణకం కాలాన్ని బట్టి కూడా మారుతుంది. 48 కిలోల బరువు, 152 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న యాభై ఏళ్ల ఆమెకు సూత్రం ప్రకారం వచ్చేది సుమారు 1,020. చెనక్కాయ చేలో కలుపు తీసే రోజుల్లో గుణకం 1.9 అనుకుంటే 1,940 కావాలి. ఎండాకాలం కూలి దొరక్క ఇంటిపట్టున ఉంటే 1.5 చాలు, అప్పుడు 1,530. అదే ఒంటికి ఏడాదిలోనే 400 తేడా. ఒకసారి వేసిన లెక్క ఏడాదంతా పనికొస్తుందనుకోవడం ఆఫీసు మనిషికి చెల్లుతుందేమో గానీ, వాన మీద బతికే పనికి చెల్లదు.

ఇంకో సవరణ మిగిలింది. సూత్రం అమెరికన్ల కొలతలతో పుట్టింది. అదే బరువున్న మన ఒంట్లో సగటున కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. కొవ్వు కూర్చుని తినే రకం, దానికి ఖర్చు తక్కువ. 2020 పట్టికలో కూడా అంతర్జాతీయ సూత్రం ఇచ్చిన విశ్రాంతి ఖర్చు నుంచి పది శాతం తగ్గించే అంకెలు వేశారు. మనం కూడా తగ్గిస్తే 1,680 కాస్తా 1,510 అవుతుంది. 1.5తో హెచ్చిస్తే ఒక చివర 2,270, ఇంకో చివర 2,520. నేనైతే మధ్యలో 2,400 అనుకుని మొదలుపెడతాను. 2,387 అని చివరి అంకె దాకా చెప్పే యాప్‌ను చూస్తే నాకు నవ్వొస్తుంది, అంత కచ్చితత్వం ఈ లెక్కలో లేదు.

ఆయన బరువు తగ్గాలనుకుంటున్నాడు. 400 తగ్గించి రోజుకు 2,000 అని పెట్టుకుందాం. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, పిల్లలకు ఈ కోత లెక్క వర్తించదు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఇన్సులిన్ గానీ చక్కెర మాత్రలు గానీ వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోకూడదు.

ఇప్పుడు క్యాలరీలను గ్రాముల్లోకి మార్చాలి. గ్రాము ప్రోటీన్‌కు 4, గ్రాము పిండి పదార్థానికి 4, గ్రాము కొవ్వుకు 9 క్యాలరీలు. శాతాలతో కాకుండా ప్రోటీన్‌తో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే అది ఒంటి బరువును బట్టి ఉండాలి గానీ తినే క్యాలరీలను బట్టి కాదు. మామూలు ఆరోగ్యానికి కిలోకు 0.83 గ్రాములు మన దేశపు సిఫారసు. తిండి తగ్గించేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే ఇంకొంచెం కావాలి, 1.4 అనుకుందాం. అయితే 78 కిలోలకు కాదు, ఆయన ఎత్తుకు తగిన 66 కిలోలకు వేయాలి. సుమారు 90 గ్రాములు, అంటే 360 క్యాలరీలు. కొవ్వుకు మొత్తంలో పాతిక శాతం ఇస్తే 55 గ్రాములు, 495 క్యాలరీలు. మిగిలిన 1,145ని 4తో భాగిస్తే పిండి పదార్థాలు 285 గ్రాములు.

కాగితం మీద ఇంతే. సీమ కంచంలోకి వచ్చేసరికి 90 గ్రాముల ప్రోటీనే కష్టం. చెనక్కాయల్లో ప్రోటీన్ బాగా ఉంటుంది కదా అంటారు. నిజమే, వంద గ్రాముల గింజల్లో 24 గ్రాముల దాకా ఉంటుంది. దాంతోపాటు 40 గ్రాముల కొవ్వు, 520 క్యాలరీలు కూడా ఉంటాయి. 90 గ్రాముల ప్రోటీన్ చెనక్కాయలతోనే తెచ్చుకోవాలంటే 380 గ్రాములు తినాలి, దాంతోనే ఆ రోజు 2,000 క్యాలరీలు అయిపోతాయి. చెనక్కాయలతో చేసే పచ్చడి ఊరిబిండిని కొవ్వు ఖాతాలో రాసుకోవడమే న్యాయం.

మూడు జొన్న రొట్టెలకు 150 గ్రాముల పిండి పట్టిందనుకుంటే 15 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. 80 గ్రాముల రాగి పిండి, 80 గ్రాముల బియ్యం కలిపి 12. కందిపప్పు 60 గ్రాములకు 13, మూడు గుడ్లకు 19, పాలు పెరుగు కలిపి 400 మిల్లీలీటర్లకు 13, గుప్పెడు చెనక్కాయలకు 6. మొత్తం 78. వంటకు మూడు చెంచాల నూనె వేసుకుంటే క్యాలరీలు ఇప్పటికే 2,000 దగ్గరకు వచ్చాయి, కొవ్వు 55 దాటి 60 పైకి పోయింది. ఒక రొట్టె తగ్గించి 30 గ్రాముల మీల్ మేకర్ కూరలో వేస్తే ప్రోటీన్ లోటు చాలావరకు పూడుతుంది. పాలు వెన్న తీసినవైతే కొవ్వు కూడా దారికొస్తుంది.

తూకంలో ఎక్కువమంది తప్పేది సంగటి దగ్గర. ఉడికిన ముద్దలో బరువంతా నీళ్లదే. ఆ ముద్దను తూచి రాగి పిండి అంకెతో లెక్కిస్తే క్యాలరీలు రెండింతలకు పైగా పలుకుతాయి. పొయ్యి మీద పెట్టకముందే పిండి, బియ్యం తూచి, చివరికి ఎన్ని ముద్దలు వచ్చాయో దాంతో భాగించాలి. 400 గ్రాముల పిండి, 100 గ్రాముల బియ్యంతో ఐదు ముద్దలైతే ముద్దకు సుమారు 330 క్యాలరీలు. నూనెను చెంచాలతో కొలవడం ఏ ఇంట్లోనూ జరిగే పని కాదు. నెలకు ఎన్ని లీటర్లు ఖర్చయిందో చూడండి. నలుగురున్న ఇంట్లో మూడు లీటర్లయితే మనిషికి రోజుకు 23 గ్రాములు, 200 క్యాలరీల పైనే.

ఇన్ని అంచనాలు పేర్చాక చివరి మాట తూకం మిషన్‌దే. రోజూ పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకుని వారం సగటు తీయాలి. ఒక్కరోజు బరువును నమ్మకూడదు, ముందురోజు రాత్రి ఊరగాయ ఎక్కువ తిన్నా ఒంట్లో నీరు నిలిచి మిషన్ ఎక్కువ చూపిస్తుంది. మొదటి వారంలో దిగేదాంట్లో చాలాభాగం నీరే కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మన ఉద్యోగికి రెండో వారం సగటు 77.4, నాలుగో వారం సగటు 77.0 వచ్చిందనుకుందాం. 14 రోజుల్లో 0.4 కిలోలు. కిలో బరువుకు సుమారు 7,700 క్యాలరీలు వేసుకుంటే 0.4 × 7,700 ÷ 14, అంటే రోజుకు 220 లోటు. 400 లోటు పెట్టాననుకున్నాడు, పడింది 220. కాబట్టి ఆయన రోజు ఖర్చు 2,400 కాదు, 2,220.

లేదా ఆయన తిన్నది 2,000 కాదు, ఇంకొంచెం ఎక్కువ. టీలో చక్కెర, ఆఫీసులో ఎవరో పంచిన మిఠాయి రాయడం మరిచిపోయి ఉండొచ్చు. ఈ రెంటిలో ఏది నిజమో విడదీయాల్సిన పని లేదు. రేపూ అలాగే రాస్తాడు కాబట్టి సవరణ రెండు రకాలుగానూ ఒకటే. 400 లోటు కావాలంటే రోజుకు 1,820 రాయాలి. ప్రోటీన్ 90 గ్రాములు అలాగే ఉంచి, తగ్గించాల్సిన 180ని ఇంకో జొన్న రొట్టె నుంచి గానీ, నాలుగు చెంచాల నూనె నుంచి గానీ తీసేయొచ్చు. మూడు చెంచాలతోనే వండుకుంటున్న ఇంట్లో ఆ రెండో దారి లేదు, రొట్టెనే తగ్గించాలి.