మూడో సీన్‌లో ఆవిడ ఎందుకు అరుస్తుంది?

బెంగళూరు మారతహళ్లిలోని ఒక కాల్ సెంటర్‌లో తెలుగు కస్టమర్ల కాల్స్ చూసే తెలుగు ప్రాసెస్ వాళ్లకీ ట్రైనింగ్ విభాగానికీ మధ్య పాత గొడవ మళ్లీ రాజుకుంది. ఉద్యోగులు కస్టమర్‌తో ఎలా మాట్లాడతారో పరీక్షించే వీడియో సిమ్యులేషన్‌లో వచ్చిన మార్కుల్ని ఈసారి అప్రైజల్‌లో కలిపారు. ఆ సిమ్యులేషన్‌కి మొదటి స్క్రిప్టు రాసిన ఇద్దరిలో నేనొకణ్ణి. గొడవ ఎందుకు మొదలైందో అక్కడ అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడనిది, షూటింగ్‌కి ముందు ఒక మధ్యాహ్నం స్క్రిప్టుని ఎలా కుదించామన్నది. ఇవాళ్టి గొడవంతా అక్కడే పుట్టింది.

కథ చిన్నది. గుంటూరు నుంచి ఒకావిడ ఫోన్ చేస్తుంది. కొత్త మిక్సీ జార్ పగిలి వచ్చింది, ఎల్లుండి ఇంట్లో ఫంక్షన్. ఆవిడతో మాట్లాడే ఉద్యోగికి నాలుగు చోట్ల మూడేసి జవాబులు కనిపిస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. ప్రతి జవాబుకీ వేరే దారి తీస్తే మొదటి దగ్గర 3 క్లిప్పులు, తర్వాత 9, 27, 81. మొదటి సీన్‌తో కలిపి 121. నటి డేట్లు రెండు రోజులే ఉన్నాయి.

అందుకే విడిపోయిన దారుల్ని మళ్లీ కలపాలి. ఏ జవాబు నొక్కినా దానికి తగ్గ చిన్న స్పందన వచ్చి, తర్వాత అందరూ ఒకే సీన్‌కి చేరతారు. ఇది కొత్తేమీ కాదు. 1967లో మాంట్రియల్ ఎక్స్‌పోలో ప్రేక్షకుల ఓట్లతో నడిచిన ‘కినోఆటోమాట్’ సినిమాలోనూ దారులు విడిపోయి మళ్లీ కలిసేవి. కలపడంలో తప్పు లేదు. కలిపేచోట, ఆ ఉద్యోగి అప్పటిదాకా ఏం చేశాడో సీన్‌కి గుర్తుండాలి.

మా మొదటి స్క్రిప్టులో దానికోసం ఒక అంకె పెట్టుకున్నాం, ఆవిడకి మన మీద ఉన్న నమ్మకం. సున్నాతో మొదలవుతుంది. మంచి జవాబుకి ఒకటి పెరుగుతుంది, చెడ్డదానికి ఒకటి తగ్గుతుంది. మొదటిది తప్ప ప్రతి సీన్‌నీ రెండు రకాలుగా తీయాలి, కుదుటపడిన ముఖంతో ఒకటి, కోపంతో ఒకటి. దారులు చీలే కథలు రాసుకునే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్న నమూనాలో ఆ మలుపు ఇంతే:

```
(if: $trust >= 1)[(go-to: "S3_calm")]
(else:)[(go-to: "S3_angry")]
```

ముగింపు కూడా ఈ అంకెని బట్టే. ఇలా తీస్తే మొత్తం 31 క్లిప్పులు. ఆ మధ్యాహ్నం రెండు రోజుల్లో అన్ని కుదరవన్నారు. కుదుటపడిన ముఖాలు, వాటి స్పందనలు కలిపి 12 క్లిప్పులు కొట్టేసి 19 ఉంచారు. ముఖాలు పోయాక అంకెతో పనేముందని దాన్నీ తీసేశారు. చివరి జవాబే ముగింపుని తేల్చేలా మార్చారు.

ఫలితం ఏమిటో నాలుగేళ్ల అనుభవమున్న ఒక ఉద్యోగి చూపించాడు. ముందు ఆవిడ చెప్పింది పూర్తిగా విన్నాడు. ఆర్డర్ వివరాలు తనే చదివి వినిపించాడు. అయినా మూడో సీన్‌లో ఆవిడ, “ఎన్నిసార్లు చెప్పాలి బాబూ మీకు?” అని అరిచింది. ఆవిడ చెప్పింది ఒక్కసారే. అప్పుడు కొత్త జార్ ఏ రోజుకి చేరుతుందో చెప్పాడు. అయినా ఇక తన మాట వినదేమోనని టెన్షన్ పడి, చివర్లో కాల్‌ని సూపర్‌వైజర్‌కి ఇచ్చాడు. తక్కువ మార్కులు పడ్డాయి. అతని పక్క సీటు అమ్మాయి కావాలనే మొదటి మూడుసార్లూ హోల్డ్‌లో పెట్టడం, కొరియర్ వాళ్ల మీదకి నెట్టడం లాంటివి నొక్కి, చివర్లో మాత్రం సరైన జవాబు నొక్కింది. పూర్తి మార్కులు వచ్చాయి. వాళ్లిద్దరి స్క్రీన్‌షాట్లే ఇప్పుడు గ్రూపుల్లో తిరుగుతున్నాయి.

వినడం వల్ల ఏమీ మారదని మూడో సీన్ వాళ్లకి నేర్పుతోంది. ఆ పాఠం తీసుకుని నిజం కాల్‌కి వెళ్తే నష్టపోయేది గుంటూరులో ఉన్న ఆవిడే. నన్ను బాధపెట్టేది మార్కులకంటే ఇదే.

ట్రైనింగ్ విభాగం చెప్పేది రెండు మాటలు. నిజం కాల్‌లోనూ చివరికి సమస్య తీరిందా లేదా అన్నదే చూస్తారన్నది ఒకటి. ట్రైనింగ్ పోర్టల్ ఇన్ని దారుల్ని గుర్తుపెట్టుకోలేదన్నది రెండోది. ఆ పోర్టల్ వాడేది స్కార్మ్ 1.2, ఆన్‌లైన్ కోర్సులూ పోర్టళ్లూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ప్రమాణం. మధ్యలో ఆగిన కోర్సు వివరాల కోసం అందులో `cmi.suspend_data` అనే చోటు ఉంది, 4096 అక్షరాలు పడతాయి. మేము దాచమన్నది ఒక్క అంకె.

ఉద్యోగులు సోమవారం మీటింగ్‌లో అడగబోయేది ఆ 12 క్లిప్పులు తీసేదాకా మార్కుల్ని అప్రైజల్‌లో కలపొద్దనే. తీయడానికి అడ్డేమీ లేదు. నటి చీర రంగు, గాజులు, వెనక వంటింటి గట్టు మీద డబ్బాల వరస, అన్నిటికీ అప్పుడు తీసిన ఫొటోలు నా దగ్గర ఉన్నాయి.