“చెట్టు మందే కదండీ” : లివర్ విషయంలో అపోహలు – వాస్తవాలు

అపోహ: పెరట్లో పెరిగిన తీగే కదా, దానివల్ల నష్టమేముంటుంది?

కోనసీమ నుంచి భీమవరం దాకా కాలువ గట్ల మీద, తోటల కంచెల మీద తిప్పతీగ దానంతటదే పాకుతుంది. కరోనా రోజుల్లో దానికి ఒక్కసారిగా గిరాకీ వచ్చింది. ఇమ్యూనిటీ పెరుగుతుందని కాడలు దంచి మరిగించి తాగారు. షుగర్ తగ్గుతుందని ఇప్పటికీ తాగుతున్నవాళ్లున్నారు. గిలోయ్ పేరుతో షాపుల్లో అమ్మే మాత్రలు, రసం కూడా ఇదే మొక్క నుంచి చేసినవే.

తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న ఆరుగురి వివరాలను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల నుంచి 43 మంది కేసులు వెలుగులోకి వచ్చాయి. ఆయుష్ మంత్రిత్వ శాఖ ముంబై నివేదికను ఒప్పుకోలేదు, తిప్పతీగను పోలిన వేరే జాతి తీగ అయ్యుండవచ్చని చెప్పింది. ఆ వాదనను నేను కొట్టిపారేయను. కానీ కంచె మీది తీగను కోసుకొచ్చుకునే మనిషికి ఆ తేడా ఎవరు చెబుతారు? ఏ జాతిదైనా దెబ్బ తగిలేది ఆయన లివర్‌కే.

అపోహ: పక్కింటావిడ రెండేళ్లుగా తాగుతోంది, ఆవిడకేమీ కాలేదు.

ఆవిడ చెప్పేది నిజమే. తాగినవాళ్లలో చాలామందికి ఏమీ కాదు. మూలికల వల్ల లివర్‌కు జరిగే హాని ఎక్కువగా మోతాదును బట్టి రాదు, మనిషిని బట్టి వస్తుంది. తిప్పతీగ రోగనిరోధక వ్యవస్థను ఉత్తేజపరుస్తుందని నమ్మే తాగుతున్నారు కదా, చిక్కంతా అక్కడే ఉంది. కొందరిలో ఆ వ్యవస్థ అదుపు తప్పి సొంత లివర్ కణాల మీదే దాడి చేస్తుంది. కొన్ని రకాల థైరాయిడ్ జబ్బుల్లాగా, ఇలా సొంత ఒంటి మీదే దాడి జరిగే ఆటోఇమ్యూన్ జబ్బు ముందే ఉన్నవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఎవరికి పడదో ముందుగా చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. అందుకే పక్కింటావిడ అనుభవం మీకు హామీ కాదు.

ఒక కేసు చెబుతాను. మనిషి ఎవరో తెలియకుండా వివరాలు కొంచెం మార్చాను. అమలాపురం దగ్గర పల్లెలో నలభై ఐదేళ్ల గృహిణి. థైరాయిడ్ మాత్ర వేసుకుంటారు. రెండు నెలలుగా రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం తాగుతున్నారు. ముందు ఆకలి పోయింది, అన్నం చూస్తేనే వికారం. మధ్యాహ్నానికల్లా మంచమెక్కాల్సినంత నీరసం. వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగారు. పది రోజులకు మూత్రం రంగు మారింది, రాత్రిళ్లు ఒళ్లంతా దురద మొదలైంది. నా దగ్గరకు వచ్చేసరికి కళ్లు పచ్చబడ్డాయి.

ఏం మందులు వాడుతున్నారని అడిగితే, “థైరాయిడ్ మాత్ర తప్ప ఇంకేం వాడట్లేదండీ డాక్టరుగారూ” అన్నారు. కషాయాన్ని ఎవరూ మందుగా లెక్కేయరు. అందుకే “పొద్దున్నే పరగడుపున ఏం తాగుతారమ్మా?” అని విడిగా అడుగుతాను. అప్పుడు బయటపడింది. “అది మందు కాదు కదండీ, చెట్టు మందే కదండీ” అన్నారు.

లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎస్‌జీపీటీ ఆవిడకు 860, అది మామూలుగా 40 లోపు ఉండాలి. కామెర్లలో పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ 9.4, అది 1 దాకా ఉంటే సరి. హెపటైటిస్ ఏ, బీ, సీ, ఈ నాలుగూ నెగెటివ్. స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు లేవు. ఆటోఇమ్యూన్ పరీక్ష మాత్రం పాజిటివ్. మూలిక వల్లే అని తేల్చే ప్రత్యేక పరీక్ష ఏదీ లేదు. మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా తీసేసి, మొదలుపెట్టిన తేదీ, లక్షణాలు వచ్చిన తేదీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి. కషాయం ఆపించాం. రెండు వారాలకు ఎస్‌జీపీటీ సగానికి దిగింది, రెండు నెలలకు అన్నీ మామూలయ్యాయి. అలా దిగకపోతే బయాప్సీ చేసి స్టెరాయిడ్లు ఇవ్వాల్సి వచ్చేది.

అపోహ: లివర్ దెబ్బతింటే కడుపు నొప్పి వస్తుంది, అప్పుడు చూసుకోవచ్చు.

చాలామందికి నొప్పి రానే రాదు. మొదట పోయేది ఆకలి, వచ్చేది నీరసం. ఇవి ఏ జ్వరానికైనా వస్తాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. స్పష్టంగా కనిపించే తొలి గుర్తు మూత్రం. కళ్లు పచ్చబడక ముందే అది పాలు పోయని టీ డికాషన్‌లా గోధుమ రంగులోకి మారుతుంది. ఎండాకాలం నీళ్లు తక్కువ తాగినా ముదురు పసుపు వస్తుంది, బీ కాంప్లెక్స్ మాత్రకూ పచ్చగా వస్తుంది. తేడా కనిపెట్టడానికి పూటంతా నీళ్లు బాగా తాగి చూడండి. ఎండ వల్లయితే తేటపడుతుంది. లివర్ వల్లయితే గోధుమ రంగు అలాగే ఉంటుంది, నురగ కూడా పసుపుగా కనిపిస్తుంది, బట్టకు పసుపు మరక అంటుకుంటుంది. కళ్లు చూసుకోవాలంటే ట్యూబ్‌లైటు కింద కాదు, పగటి వెలుతురులో కింది రెప్ప లాగి చూడండి.

ఈ గుర్తుల్లో ఏది కనిపించినా ఆ రోజే ఆ మూలిక ఆపేసి, లివర్ ఫంక్షన్ టెస్టుతో పాటు పీటీ-ఐఎన్‌ఆర్ కూడా చేయించండి. రక్తం గడ్డకట్టే పదార్థాలను లివర్ ఎంత బాగా తయారుచేస్తోందో ఈ రెండోది చెబుతుంది. మందు వల్ల ఎస్‌జీపీటీ మామూలు హద్దుకు మూడింతలు దాటి, దాంతోపాటు కామెర్లూ వచ్చినవాళ్లలో సుమారు పది మందిలో ఒకరికి ప్రాణాపాయమో, లివర్ మార్పిడి అవసరమో వస్తుంది. ఐఎన్‌ఆర్ 1.5 దాటినా, మనిషి తికమకగా మాట్లాడుతున్నా, పగలంతా మత్తుగా పడుకుంటున్నా తెల్లారేదాకా ఆగకండి. లివర్ నిపుణులు, ఐసీయూ ఉన్న పెద్దాసుపత్రికి రాత్రికి రాత్రే తీసుకెళ్లండి.

అపోహ: కామెర్లకు పసరే మందు, మా ఊళ్లో ఎంతమందికి తగ్గిందో!

ఇక్కడ నాకు నిజంగా బాధ కలుగుతుంది. మన డెల్టాలో కలుషిత నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు హెపటైటిస్ ఏ, ఈ. అవి ఎక్కువమందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఆ లోపు తాగిన పసరుకు పేరొస్తుంది. హెపటైటిస్ ఈ గర్భిణుల ప్రాణాలు తీస్తుంది, వాళ్ల విషయంలో ఒక్క రోజు జాప్యం కూడా చేయొద్దు. ముక్కులో పసరు పోస్తే పచ్చ నీళ్లు కారతాయి, కామెర్లు దిగుతున్నాయని సంబరపడతారు. ఆ మంటకు ముక్కు లోపలి పొర వాచి నీరు ఊరుతుంది. కామెర్లున్న మనిషి ఒంటి ద్రవాల్లో బిలిరుబిన్ ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆ నీరు పచ్చగా ఉంటుంది, అంతే. మూలిక వల్లే లివర్ చెడిన మనిషికి ఇంకో మూలిక తాగించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. పైగా ఉప్పు, నూనె లేని పథ్యంతో అసలే ఆకలి లేని మనిషి ఇంకా నీరసించిపోతాడు.

అపోహ: తగ్గిపోయింది కదా, ఈసారి కొంచెం మోతాదులో వాడొచ్చు.

వద్దు. ఒకసారి పడని మూలిక రెండోసారి వాడితే లివర్ మొదటిసారి కన్నా త్వరగా, ఎక్కువగా దెబ్బతినే ప్రమాదం ఉంది. గిలోయ్ అని లేబుల్ మీద పెద్దక్షరాల్లో లేకపోయినా, ఇమ్యూనిటీ పొడుల్లో, షుగర్ చూర్ణాల్లో అది కలిసి ఉండవచ్చు. వెనకవైపు పదార్థాల జాబితాలో గుడూచి, అమృత అనే పేర్లతో కూడా రాస్తారు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ డబ్బా, ఇంట్లో కోసిన తీగైతే ఓ కాడ సంచిలో వేసుకుని వెళ్లండి. ఏ మూలిక పడలేదో, ఎన్ని రోజులు వాడాక పడలేదో మీ ఫైలు మొదటి పేజీలో రాయించుకోండి.