రికార్డులో ఒక్క వైరుధ్యం పడితే లాజిక్ ఎక్కడిదాకా పోతుంది: అపోహలు - వాస్తవాలు

విశాఖలో కంటైనర్ యార్డుల డేటాకి రూల్స్ రాయడం నా పని. ఒక సిస్టమ్ ఔనంటే ఇంకొకటి కాదంటుంది, అది మాకు రోజూ ఉండేదే. ఈ విషయం మీద జనం నాతో అనే మాటలు కొన్ని రాస్తున్నాను.

అపోహ: ఒక కంటైనర్ గురించి రెండు రకాలుగా ఉంటే ఆ ఒక్కదాని లెక్కే పాడవుతుంది, మిగతావాటికి ఏమీ కాదు.

మామూలు తర్కంలో అన్నిటికీ అవుతుంది. 17వ కంటైనర్ యార్డులో ఉందని యార్డు రికార్డు, లేదని గేటు రికార్డు చెబుతున్నాయి అనుకోండి, రెండిటినీ ఒకే చోట వేశాం. 17 యార్డులో ఉంది కాబట్టి "17 యార్డులో ఉంది, లేదా 40కి కస్టమ్స్ క్లియరెన్స్ అయింది" అన్నది కూడా నిజమే, ఎందుకంటే "లేదా" ఉన్న వాక్యానికి ఒక సగం నిజమైతే చాలు. ఇప్పుడు గేటు రికార్డు తీయండి, 17 యార్డులో లేదు. మొదటి సగం కొట్టుకుపోయింది, కాబట్టి రెండో సగం నిజమై తీరాలి. 40కి క్లియరెన్స్ వచ్చేసింది! 40 గురించి ఎవరూ ఒక్క ముక్క కూడా చెప్పలేదు, అయినా వచ్చింది, ఇదే దారిలో రాలేదని కూడా నిరూపించొచ్చు. దీన్నే పేలుడు సూత్రం అంటారు. తర్కవేత్తలు సి. ఐ. లూయిస్, లాంగ్‌ఫోర్డ్ 1932లో వేసిన పుస్తకంలో ఉన్న వాదన ఇదే. ఏ మెట్టూ విడిగా చూస్తే తప్పుగా కనపడదు, అదే దీనితో వచ్చిన చిక్కు.

అపోహ: మా డేటాబేస్ ఏనాడూ పేలలేదు, ఇదంతా పుస్తకాల గొడవ.

ఎస్‌క్యూఎల్ పేలదు, నిజమే. అది రాసిన వరుసలు వెతికి ఇస్తుందే తప్ప వాటి నుంచి కొత్త నిర్ధారణలు తీయదు. రాసిన వాస్తవాలు, రూల్స్ నుంచి కొత్త నిర్ధారణలు తీసే ఆంటాలజీ రీజనర్ లాంటిది పెట్టిన రోజున తెలుస్తుంది, చాలావరకు అవి డేటాలో పొంతన లేదని చెప్పి అక్కడే ఆగిపోతాయి, ఆగడమే నయం. ఆగని ఇంజిన్ మీద అనుమానం వస్తే అసలు సంబంధం లేని ప్రశ్న ఒకటి, దాని వ్యతిరేకం ఒకటి అడిగి చూడండి. రెండిటికీ ఔనంటే అది పేలిపోయినట్టే.

అపోహ: పారాకన్సిస్టెంట్ లాజిక్, అంటే వైరుధ్యం పడినా పేలని తర్కం, వాడేవాళ్ళు వైరుధ్యాలు నిజమని నమ్ముతారు.

గ్రాహం ప్రీస్ట్ లాంటి కొందరు తత్వవేత్తలు కొన్ని వైరుధ్యాలు నిజమే అంటారు, అది వేరే చర్చ. మాకు అంత నమ్మకం అక్కర్లేదు, 17 గొడవ 40 దాకా పాకకుంటే చాలు. దీనికి నాకు బాగా పనికొచ్చేది తర్కవేత్త న్యూయెల్ బెల్నాప్ 1977లో చెప్పిన పద్ధతి. ప్రతి వాక్యానికీ నాలుగు స్థితులు: నిజమని మాత్రమే చెప్పారు, అబద్ధమని మాత్రమే చెప్పారు, రెండూ చెప్పారు, ఎవరూ ఏమీ చెప్పలేదు. లోకంలో ఏది నిజమో ఇక్కడ అడగడం లేదు, మనకి ఏం చెప్పారో అంతే.

పై లెక్కే మళ్ళీ వేద్దాం. "17 యార్డులో ఉంది" అన్నది "రెండూ" స్థితిలో ఉంది, కాబట్టి "17 యార్డులో లేదు" అన్నది కూడా అంతే. 40కి క్లియరెన్స్ వచ్చిందన్నది అబద్ధమని మాత్రమే చెప్పారనుకుందాం. "17 ఉంది, లేదా 40కి వచ్చింది" అన్న వాక్యం నిజమని చెప్పినట్టే, ఎందుకంటే మొదటి సగం నిజమని యార్డు చెప్పింది. "17 లేదు" అన్నదీ నిజమని గేటు చెప్పింది. రెండు ఆధారాలూ నిలబడ్డాయి, కానీ 40కి వచ్చిందని మాత్రం ఎవరూ అనలేదు. అంటే తెగింది ఆఖరి మెట్టు. "లేదు" అని ఒకరు చెప్పినంత మాత్రాన "ఉంది" అని ఇంకొకరు చెప్పింది చెరిగిపోదు, అలాంటప్పుడు మొదటి సగాన్ని కొట్టేసే హక్కు మనకి లేదు.

అపోహ: ఇంత తిప్పలెందుకు, తాజా ఎంట్రీ ఉంచి పాతది తీసేస్తే సరి.

గేటు దగ్గర బండి వెళ్ళిన టైమ్ వేరు, క్లర్కు టైప్ చేసిన టైమ్ వేరు. షిఫ్ట్ మారేటప్పుడు కుప్పగా ఎక్కించే ఎంట్రీల్లో తాజాది ఏదో మీరే చెప్పండి.

అపోహ: పేలుడు ఆగింది, ఇక పోయేదేమీ లేదు.

పోయేది ఉంది, ఇది చాలామంది చెప్పరు. ఆఖరి మెట్టు 17 దగ్గరే కాదు, అన్నిచోట్లా పోయింది. 52వ కంటైనర్ 3వ బ్లాకులో గానీ 4వ బ్లాకులో గానీ ఉందని, 3లో లేదని చెప్పారు. దాని మీద ఏ తగాదా లేదు. ఎవరైనా 4 అనే అంటారు, బెల్నాప్ పద్ధతి అనదు, ఎందుకంటే 3లో ఉందని కూడా ఎవరో చెప్పి ఉండే అవకాశాన్ని అది వదిలిపెట్టదు. యార్డులో ఈ జవాబు ఇస్తే సూపర్‌వైజర్ మొహం చూడలేం.

దీనికి ప్రీస్టే 1991లో ఒక మందు చెప్పారు. డేటా బలవంతం చేస్తే తప్ప వైరుధ్యం ఉందని అనుకోవద్దు, వీలైనంత తక్కువ వైరుధ్యాలున్న పరిస్థితులనే లెక్కలోకి తీసుకో అని. 52కి వైరుధ్యం అవసరమే లేదు కాబట్టి 4వ బ్లాకు అని వచ్చేస్తుంది. 17కి తప్పదు, కాబట్టి అక్కడ ఆ మెట్టు మూసే ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, రేపు ఎవరో 52ని 3వ బ్లాకులో చూశామని ఎక్కిస్తే, నిన్న వచ్చిన 4 అన్న జవాబుని వెనక్కి తీసుకోవాలి, మామూలు తర్కంలో కొత్త సమాచారం వస్తే పాత నిర్ధారణ ఎప్పుడూ పోదు, ఇక్కడ పోతుంది. అందుకే ప్రతి జవాబు పక్కన అది ఏ ఎంట్రీల మీద నిలబడిందో రాసి ఉంచుతాం, అందులో ఒకదానికి ఎదురు ఎంట్రీ వచ్చిన క్షణాన ఆ జవాబుని మళ్ళీ లెక్కించడానికి పంపుతాం. 17 యార్డులో ఉందో లేదో మాత్రం ఏ లాజిక్కూ చెప్పదు, దానికి మనిషి వెళ్ళి చూసి రావాల్సిందే.